తమ్ముడికి 44 ఏళ్లు, మైట్రల్ వాల్వ్ మార్చాలి: మెటలా, టిష్యూనా?

గుణుపురం అన్న

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. తమ్ముడికి 44 ఏళ్లు, మోటార్ సైకిళ్ల రిపేరు షాపు నడుపుతాడు. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చేది. తగ్గిపోయిందని వదిలేశాం. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు మొదలయ్యాయి. విశాఖ తీసుకెళ్తే ఎకో తీసి, గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ మూసుకుపోయి దారి 0.8 చదరపు సెంటీమీటర్లే మిగిలిందన్నారు. లీకు కూడా ఉందట. గుండె లయ తప్పిందని, దాన్ని ఏ.ఎఫ్. అంటారని రాశారు. ఎడమ పై గది 5.4 సెంటీమీటర్లకు సాగిపోయిందట.

ఆపరేషన్ వచ్చే నెల. సర్జన్ గారు మెటల్ వాల్వ్, జంతువు పొరతో చేసే టిష్యూ వాల్వ్ రెండింటి గురించీ చెప్పి ఆలోచించుకుని రమ్మన్నారు. మాకు అర్థమైంది ఇంతే: మెటల్ వేస్తే బతికినన్నాళ్లూ రక్తం పలచబడే మందు, రక్తం ఎంత పలచబడిందో చూడటానికి నెలనెలా ఐ.ఎన్.ఆర్. పరీక్ష. టిష్యూ వేస్తే మందు ఉండదు, కానీ పది పదిహేనేళ్లకు మళ్లీ ఆపరేషన్.

వాడి చేతికి రోజూ ఏదో ఒక దెబ్బ తగులుతుంది. ఇక్కడ ల్యాబుల్లో ఐ.ఎన్.ఆర్. అడిగితే శాంపిల్ బయటికి పంపుతామంటున్నారు. అందుకే నాకు టిష్యూ మీదే మనసుంది. అమ్మ మాత్రం అది ఆవుదా, పందిదా అని అడిగి అన్నం మానేసింది. తెలిసినవాళ్లు చెప్పండి.

జయపురం వ్యాపారి

టిష్యూనే వేయించండి అన్నా, ఇంకో ఆలోచన వద్దు. మా నాన్నగారికి 71వ ఏట, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే చోట ఉండే అయోర్టిక్ వాల్వ్ టిష్యూది వేశారు. మూడు నెలలు మందు వాడి ఆపేశారు. ఇప్పుడు ఆస్పిరిన్ ఒక్కటే. గోంగూర తింటారు, తిరుపతి వెళ్తారు, ఏ పరీక్షా లేదు. ఇప్పటి టిష్యూ వాల్వులు 20 ఏళ్లు వస్తున్నాయి. ఒకవేళ పాడైనా తొడ దగ్గర నుంచి ట్యూబుతో కొత్తది లోపల పెట్టేస్తారు, ఛాతీ కోయక్కర్లేదు. మెటల్ పాతకాలం పద్ధతి.

బరంపురం బాబాయి

నాకు రెండు స్టెంట్లు వేశారు. ఏడాదిపాటు క్లోపిడోగ్రెల్ వాడి ఆపేశాను, ఇప్పుడు ఆస్పిరిన్ మాత్రమే. మీ తమ్ముడికీ అంతే, ఏడాది తర్వాత మందు ఆపేస్తారు. టెన్షన్ పడకండి నాయనా.

పంపు మాస్టారు, పర్లాకిమిడి

బాబాయి గారూ, మీది స్టెంటు, వీళ్లది వాల్వు. రెండిటికీ మందులు వేరు. స్టెంటులో ప్లేట్‌లెట్లు అంటుకోకుండా క్లోపిడోగ్రెల్ ఇస్తారు. లోహపు వాల్వు మీద కట్టే గడ్డ మరో రకంది. దాన్ని ఆపాలంటే వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ ఉండాల్సిందే. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆ పని చేయలేవు. మెటల్ వాల్వు ఉన్నవాళ్లు ఏడాది తర్వాత ఎసిట్రోమ్ ఆపేస్తే ఏమవుతుందో నేను ఆపరేషన్ థియేటర్‌లో చూశాను. దయచేసి ఆ సలహా ఇవ్వకండి.

నేను విశాఖలో చాలా ఏళ్లు, గుండె ఆపరేషన్లలో రక్తాన్ని పంపు చేసే హార్ట్ లంగ్ మిషన్ నడిపాను. డాక్టర్ని కాను. వ్యాపారి గారు తమ నాన్నగారి గురించి చెప్పింది నిజమే, ఆయనకు చేసిందీ సరైనదే. కానీ ఆయన లెక్క ఈ తమ్ముడికి పనికిరాదు.

ముందు వయసు సంగతి. టిష్యూ వాల్వు రెక్కలు ఆవు గుండె చుట్టూ ఉండే పొరతోనో, పంది వాల్వుతోనో చేస్తారు. రసాయనంలో శుద్ధి చేసినది కాబట్టి అందులో జీవం ఉండదు, తనను తాను బాగు చేసుకోలేదు. దాని మీద మెల్లగా కాల్షియం పేరుకుని రెక్కలు బిరుసెక్కుతాయి, లేదా చిరుగుతాయి. ఒంట్లో కాల్షియం కదలిక ఎక్కువగా ఉండే చిన్న వయసులో ఇది తొందరగా జరుగుతుంది. అదే వాల్వు 71 ఏళ్లాయనకు ఆయన ఉన్నంతకాలం రావచ్చు. 44 ఏళ్లవాడికి యాభైల్లోనే చేతులెత్తేయవచ్చు.

రెండోది, ఏ వాల్వు అన్నది. అయోర్టిక్ వాల్వు మూసుకున్నప్పుడు దాని మీద పడేది బీపీలో కింది అంకె అంత ఒత్తిడి, అంటే 80 చుట్టుపక్కల. మైట్రల్ వాల్వు మూసుకునేది గుండె పిండుతున్న క్షణంలో. కాబట్టి పై అంకె, 120, దాని మీద పడుతుంది. లయ ఎలా ఉన్నా రోజుకు లక్ష సార్లు ఇదే. అందుకే ఒకే రకం టిష్యూ మైట్రల్ స్థానంలో ముందు అరుగుతుంది. 20 ఏళ్లు వస్తుందనే మాట పెద్ద వయసువాళ్ల అయోర్టిక్ వాల్వులకు నప్పుతుంది. 44 ఏళ్ల మైట్రల్‌కు ఆ ఆశ పెట్టుకోకూడదు.

అమెరికా వాళ్ల 2020 మార్గదర్శకాల్లో అయోర్టిక్‌కు 50 లోపు మెటల్, 65 దాటితే టిష్యూ, మధ్యలో మనిషిని బట్టి అని ఉంది. మైట్రల్‌కు 65 లోపు మెటలే మొగ్గు. యూరప్ వాళ్లు 2021లో మెటల్‌కు అయోర్టిక్‌లో 60 లోపు, మైట్రల్‌లో 65 లోపు అన్నారు. కాలిఫోర్నియా రోగుల లెక్కలతో 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో మెటల్ వేయించుకున్నవాళ్లు ఎక్కువకాలం బతికిన లాభం అయోర్టిక్‌లో 55 ఏళ్ల దాకా, మైట్రల్‌లో 70 ఏళ్ల దాకా కనిపించింది. అంటే వయసు గీత రెండు వాల్వులకూ ఒకచోట లేదు.

ఇక మూడోది. గుణుపురం అన్నగారు రాసినదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఏ.ఎఫ్. దాన్ని మీరు నడుమ ఎక్కడో పెట్టి వెళ్లిపోయారు. కీళ్ల జ్వరం వల్ల వాల్వు మూసుకుపోయి, ఏ.ఎఫ్. కూడా ఉన్న మనిషికి వాల్వు మార్చినా మార్చకపోయినా గడ్డకట్టకుండా మందు కావాలి. సాగిన గదిలో రక్తం నిలబడి గడ్డ కడుతుంది, అది మెదడుకు వెళ్తే పక్షవాతం. టిష్యూ వేసినంత మాత్రాన ఆ గది చిన్నదైపోదు. కాబట్టి టిష్యూ వేస్తే మందు ఉండదు అన్న మీ లెక్క మీ తమ్ముడి విషయంలో నిలబడదు. మందు ఎటూ ఉంటుంది. ఐ.ఎన్.ఆర్. మెటల్ మైట్రల్‌కు 2.5 నుంచి 3.5 మధ్య, టిష్యూకు 2 నుంచి 3 మధ్య ఉంచమంటారు. తేడా అంతే.

గుణుపురం అన్న

మాస్టారూ, ఈ మాట మాకెవరూ ఇలా విడమరచి చెప్పలేదు. ఏ.ఎఫ్. ఆపరేషన్‌తో పోతుందేమో అనుకున్నాం. బెలూన్ వేసి దారి వెడల్పు చేస్తారని కూడా విన్నాం. అది కుదరదా?

పంపు మాస్టారు, పర్లాకిమిడి

రెక్కలు మెత్తగా ఉండి, లీకు పెద్దగా లేకపోతే బెలూనే మొదట చూస్తారు. మీ తమ్ముడికి లీకు ఉందన్నారు. రెక్కలకు కాల్షియం పట్టిందా, గదిలో గడ్డ ఉందా అన్నది రిపోర్టులో చూడండి. ఇవి ఉంటే బెలూన్ వేయరు. అడిగితే తప్పు లేదు.

ఏ.ఎఫ్. సంగతి: ఆపరేషన్‌లోనే లయ సరిచేసే పని కొందరు సర్జన్లు కలిపి చేస్తారు, దాన్ని మేజ్ అంటారు. ఎడమ గది పక్కన సంచిలా వేలాడే భాగాన్ని కుట్టేయడమూ చేస్తారు. గది 5.4కి సాగాక లయ తిరిగి నిలబడే అవకాశం తగ్గుతుంది. నిలబడినా కొన్నాళ్లకు మళ్లీ తప్పవచ్చు. దాన్ని నమ్ముకుని వాల్వు ఎంచుకోవద్దు.

జయపురం వ్యాపారి

మాస్టారూ, మీరు చెప్పని మాట ఒకటుంది. మందు ఉంటుంది సరే, పరీక్ష ఎందుకుండాలి? ఐ.ఎన్.ఆర్. అక్కర్లేని కొత్త మందులు వచ్చాయి కదా, రివరోక్సాబన్, అపిక్సాబన్. మైట్రల్‌లో టిష్యూ వాల్వు, ఏ.ఎఫ్. రెండూ ఉన్నవాళ్ల మీద బ్రెజిల్‌లో రివరోక్సాబన్ పరీక్షించారు. 2020లో ఫలితం వచ్చింది, వార్ఫరిన్‌కు తీసిపోలేదని. మా నాన్నగారి డాక్టరే చెప్పారు. గుణుపురంలో ల్యాబు లేదంటున్న మనిషికి ఇది పెద్ద విషయం కాదా?

పంపు మాస్టారు, పర్లాకిమిడి

ఇది మంచి పాయింటు. నిజానికి టిష్యూ వైపు ఉన్న అసలు బలం ఇదే. మందు తప్పడం కాదు, పరీక్ష తప్పడం. ఆ అధ్యయనం పేరు రివర్, అందులో చూసింది ఒక్క ఏడాది కాలమే. ఇంకోవైపు 2022లో ఇన్విక్టస్ అని వచ్చింది. కీళ్ల జ్వరం గుండె జబ్బు, ఏ.ఎఫ్. ఉన్నవాళ్లలో రివరోక్సాబన్ కంటే వార్ఫరిన్ లాంటి పాత మందే నయమని తేలింది, మరణాలు కూడా తక్కువ. అయితే వాళ్లలో ఎక్కువమంది సొంత వాల్వు మూసుకుపోయి ఉన్నవాళ్లు. మీ తమ్ముడికి ఆ వాల్వు తీసేసి టిష్యూ పెడితే ఏ అధ్యయనం వర్తిస్తుందన్నది డాక్టర్లే ఒకలా చెప్పరు. నేను తేల్చలేను.

ఒకటి మాత్రం తేలిపోయింది. మెటల్ వాల్వుకు కొత్త మందులు వాడకూడదు. డాబిగాట్రాన్‌ను మెటల్ వాల్వుల మీద పరీక్షిస్తే గడ్డలూ రక్తస్రావాలూ రెండూ పెరిగి మధ్యలోనే ఆపేశారు. అపిక్సాబన్‌ను ఒక రకం అయోర్టిక్ మెటల్ వాల్వు మీద పరీక్షించినదీ 2022లో అలాగే ఆగింది. మందుల షాపులో ఎవరైనా ఇది కొత్తది, పరీక్ష అక్కర్లేదు అని మార్చి ఇస్తే తీసుకోవద్దు.

కొరాపుట్టు టీచరమ్మ

నాది మెటల్ మైట్రల్ వాల్వు. 31వ ఏట వేశారు, త్రివేండ్రం శ్రీచిత్ర సంస్థలో తయారుచేసిన చిత్రా వాల్వు. మన దేశపు వాల్వు, 1990 నుంచి వేస్తున్నారు, ఖరీదు తక్కువ. ఇప్పుడు నాకు 49. వాల్వుకు ఇంతవరకూ ఏమీ కాలేదు. ఇబ్బందులన్నీ మందుతోనే.

అన్నగారూ, చేతి దెబ్బల గురించి మీరు భయపడుతున్నారు. చేతికి తెగితే గుడ్డతో పావుగంట గట్టిగా నొక్కిపట్టుకుంటే ఆగుతుంది. నేను కత్తిపీటతో ఎన్నిసార్లు కోసుకున్నానో. భయపడాల్సింది తలకు తగిలే దెబ్బకు. షాపులో బండి ట్రయల్ చూడటానికి వెళ్లినా హెల్మెట్ పెట్టుకోమనండి. తలకు గట్టిగా తగిలితే పైకి ఏం కనిపించకపోయినా స్కాన్ తీయించాలి.

నన్ను నిజంగా దెబ్బకొట్టింది విరేచనాల మందు. ఊళ్లో ఒక క్లినిక్‌లో మెట్రోనిడజోల్ రాశారు. నేను ఎసిట్రోమ్ వాడుతున్నానని చెప్పాను, విన్నారో లేదో తెలియదు. నాలుగో రోజుకు పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, తొడ మీద నల్లటి మచ్చలు. ఐ.ఎన్.ఆర్. 6.8. పెద్దాసుపత్రిలో మందు ఆపి, రోజూ పరీక్ష చేస్తూ దించారు. విటమిన్ కె ఇంజెక్షన్ పెద్ద డోసు ఇవ్వలేదు. అలా ఇస్తే ఐ.ఎన్.ఆర్. ఒక్కసారిగా పడిపోయి వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ఉందన్నారు. అప్పటి నుంచి ఏ మందు కొత్తగా మొదలుపెట్టినా నాలుగైదు రోజుల్లో ఐ.ఎన్.ఆర్. చేయిస్తాను. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ అసలు ముట్టను, పారాసిటమాల్ మాత్రమే.

గోంగూర మానేయమని అందరూ అంటారు. నేను మానలేదు. తోటకూర, మునగాకు వారానికి ఇంత అని ఒకేలా తింటాను. పండగకి మూడు రోజులు ఆకుకూరలే తిని, తర్వాత నెలంతా ముట్టకపోతే అప్పుడు అంకె ఊగుతుంది.

పర్లాకిమిడి అమ్మ

టీచరమ్మ గారూ, మా అమ్మాయికి 23. తనకూ మైట్రలే మార్చాలంటున్నారు. పెళ్లి కుదిరింది. 65 లోపు మెటలే అంటే తనకూ మెటలేనా?

కొరాపుట్టు టీచరమ్మ

అమ్మా, అక్కడ లెక్క మారిపోతుంది. నాకు ఇద్దరు పిల్లలు పుట్టాకే వాల్వు వేశారు కాబట్టి నా అనుభవం మీకు పనికిరాదు. వార్ఫరిన్, ఎసిట్రోమ్ రెండూ గర్భంలో బిడ్డకు చేరతాయి. ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డకు లోపాలు వచ్చే ప్రమాదం. ఆపేసి హెపారిన్ ఇంజెక్షన్లకు మారితే తల్లి వాల్వు మీద గడ్డ ప్రమాదం. అందుకే పిల్లలు కావాలనుకునే వయసులో, మళ్లీ ఆపరేషన్ తప్పదని తెలిసీ టిష్యూ ఎంచుకునేవాళ్లున్నారు. ముందు బెలూన్, రిపేరు కుదురుతాయా అని గట్టిగా అడగండి.

పంపు మాస్టారు, పర్లాకిమిడి

టీచరమ్మ గారు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. వార్ఫరిన్ డోసు రోజుకు 5 మిల్లీగ్రాములు లోపు సరిపోయేవాళ్లలో బిడ్డకు ప్రమాదం తక్కువ. కానీ డోసు ఎంత పడుతుందో వాల్వు వేశాకే తెలుస్తుంది. అమ్మా, మీరు వేరే చర్చ మొదలుపెట్టండి. ఇందులో కలిపితే ఇద్దరి విషయమూ గందరగోళమవుతుంది.

ల్యాబ్ తమ్ముడు, రాయగడ

నేను టెక్నీషియన్‌ని. గుణుపురంలో ఐ.ఎన్.ఆర్. లేదు కాబట్టి మెటల్ వద్దు అనడం చూసి రాస్తున్నాను. శాంపిల్ పంపడంలో తప్పేం లేదు. ఐ.ఎన్.ఆర్. రక్తం నీలం మూత ట్యూబులో తీస్తారు, అందులో ముందే సిట్రేటు ద్రవం ఉంటుంది. మూత తీయకుండా గది ఉష్ణోగ్రతలో ఉంచితే 24 గంటల దాకా ఫలితం నమ్మొచ్చు. ఉదయం గుణుపురంలో తీసి మధ్యాహ్నానికి రాయగడ చేరితే చాలు. ఎండలో బండి డిక్కీలో పెట్టి తేవద్దు.

తప్పులు జరిగేది వేరేచోట. ట్యూబు మీద గీత ఉంటుంది, రక్తం అక్కడిదాకా రావాలి. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేటు అని లెక్క. నరం దొరకక సగం తీసి వదిలేస్తే సిట్రేటు ఎక్కువై, గడ్డకట్టే సమయం పొడుగ్గా కనిపిస్తుంది. ఐ.ఎన్.ఆర్. ఎక్కువ వచ్చిందని డాక్టరు డోసు తగ్గిస్తారు. అసలు మనిషికి మందు సరిపోవడం లేదు. మెటల్ వాల్వుకు ఇది ప్రమాదం. తీసేటప్పుడు గీత దాకా వచ్చిందా అని మీ తమ్ముణ్ణే చూసుకోమనండి. రాకపోతే మళ్లీ తీయమని అడగాలి.

ఇంకోటి, సెకన్లు చూసి ఒక ల్యాబును ఇంకో ల్యాబుతో పోల్చకండి. ఉదాహరణకు రక్తం గడ్డకట్టడానికి రోగిది 30 సెకన్లు, మామూలు మనిషిది 13 సెకన్లు పట్టింది అనుకోండి. భాగిస్తే 2.3. ల్యాబులో పరీక్షకు వాడే రసాయనాన్ని రియేజెంటు అంటాం, దానికి ఐ.ఎస్.ఐ. అని ఒక అంకె ఉంటుంది. అది 1 అయితే ఐ.ఎన్.ఆర్. 2.3 దగ్గరే ఆగుతుంది, మైట్రల్ మెటల్‌కు తక్కువ. అది 1.3 అయితే అదే 30 సెకన్లకు ఐ.ఎన్.ఆర్. దాదాపు 3, సరిగ్గా ఉన్నట్టు. కొత్త రియేజెంటు డబ్బా తెరిచి మిషన్‌లో పాత ఐ.ఎస్.ఐ. అలాగే ఉంచేస్తే అంకె మొత్తం తప్పు. అందుకే ఒకే ల్యాబులో చేయించమంటాను. ఉన్నట్టుండి తేడా వస్తే డోసు మార్చే ముందు ఇంకోసారి చేయించండి.

జయపురం వ్యాపారి

తమ్ముడు ఇంత కష్టపడి రాసినా, నాకైతే ఇదంతా చదివాక టిష్యూనే సుఖం అనిపిస్తోంది. ట్యూబు, గీత, ఎండ, రియేజెంటు, విరేచనాల మందు, ఇవన్నీ ఒక మెకానిక్కు ముప్పయ్యేళ్లు చూసుకోగలడా? టిష్యూ పాడైతే తొడ నుంచి కొత్తది పెడతారని మొదట్లోనే చెప్పాను, దానికి మాస్టారు జవాబివ్వలేదు.

పంపు మాస్టారు, పర్లాకిమిడి

ఇస్తాను. టిష్యూ వాల్వు లోపల ఇంకో టిష్యూ వాల్వును మడిచి ట్యూబుతో తీసుకెళ్లి విప్పుతారు. మైట్రల్‌కైతే తొడ సిర నుంచి వెళ్లి గుండె గదుల మధ్య గోడకు రంధ్రం చేసి అవతలికి పోవాలి. జరుగుతోంది, కాదనను. కానీ పాత వాల్వు లోపలే కొత్తది కూర్చోవాలి కాబట్టి దారి ఇంకా ఇరుకవుతుంది. మొదటిది చిన్న సైజుదైతే రెండోదానికి చోటే ఉండదు. ఎదురుగా అయోర్టాకు రక్తం వెళ్లే దారికి అడ్డం పడుతుందా అని ముందు సీటీలో కొలుస్తారు, కొందరికి కుదరదనే చెబుతారు. కుదిరినా ఆ వాల్వు ఖరీదు మామూలు ఆపరేషన్ కంటే చాలా ఎక్కువ. అదీ టిష్యూనే కాబట్టి అదీ అరుగుతుంది. 44లో ఒకటి, 56 చుట్టుపక్కల ఇంకోటి, 68కో మరోటి అనుకోండి. మూడోసారికి ఏం మిగులుతుంది?

అయితే వ్యాపారి గారు అడిగిన అసలు ప్రశ్న సరైనదే. మందు సరిగా వాడలేని మనిషికి మెటల్ వేయడం అన్యాయం. మెటల్ వాల్వు మీద గడ్డ కడితే రెక్క ఇరుక్కుంటుంది. మెటల్ వాల్వు చేసే టక్ టక్ శబ్దం మందగిస్తుంది లేదా ఆగిపోతుంది, ఒక్క రోజులోనే ఆయాసం ముంచుకొస్తుంది. అప్పుడు ఎక్స్‌రే తెర మీద రెక్కలు కదులుతున్నాయా అని చూసి, గడ్డ కరిగించే మందు ఇవ్వడమో మళ్లీ ఆపరేషనో చేస్తారు. రాయగడ నుంచి విశాఖ చేరేలోపు పోయినవాళ్లున్నారు. టిష్యూ పాడవడం ఇలా ఉండదు. నెలల తరబడి ఆయాసం పెరుగుతూ వస్తుంది, ఏటా ఎకో చేయిస్తే ముందే పసిగట్టవచ్చు. ఈ తేడా చిన్నది కాదు. చక్కగా మందు వాడేవాళ్లలో కూడా ఏడాదికి నూటికి ఒకరిద్దరికి గడ్డ సమస్య, ఇంచుమించు అంతమందికి పెద్ద రక్తస్రావం వస్తాయి. మెటల్ వేయించుకుంటే ఇది ప్రతి ఏడాదీ ఉంటుంది. టిష్యూలో ఆ ఏటేటి ప్రమాదం కొంత తక్కువ, కానీ రెండో ఆపరేషన్ ఒక్కసారిగా పెద్ద ప్రమాదం. మొదటిసారి కుట్టిన ఛాతీలో గుండె ఎముకకు అతుక్కుపోయి ఉంటుంది, మళ్లీ తెరిచేటప్పుడే గుండెకు తగలవచ్చు. నేను పంపు దగ్గర కూర్చుని ఊపిరి బిగబట్టినవి ఎక్కువగా అవే.

అన్నగారూ, మీ తమ్ముణ్ణి రెండు విషయాలు అడగండి. ఇప్పుడు ఏ.ఎఫ్.కి ఇచ్చిన మందు రోజూ వేసుకుంటున్నాడా? తాగుడు ఉందా? ఈ రెంటికీ వచ్చే జవాబు నా రాతలన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

గుణుపురం అన్న

విశాఖ వెళ్లి వచ్చాం. రిపోర్టులో రెక్కలకు కాల్షియం గట్టిగా పట్టిందని ఉంది, బెలూన్ కుదరదన్నారు. తాగుడు లేదు. మందు సంగతి మా మరదలు చూసుకుంటుంది. ఇప్పటికే వార్ఫరిన్ ఇస్తున్నారు, గోడ క్యాలెండర్ మీద గీతలు పెడుతోంది. రెండు నెలల క్యాలెండర్ ఫోటో తీసి సర్జన్ గారికి చూపిస్తే నవ్వి, ఇదే నాకు కావాల్సింది అన్నారు.

కొత్త మందుల గురించి వ్యాపారి గారి మాట కూడా అడిగాను. టిష్యూ వేస్తే కొన్ని నెలల తర్వాత ఆలోచించవచ్చు, కానీ కీళ్ల జ్వరం ఉన్నవాళ్లకు నేనైతే వార్ఫరినే రాస్తాను అన్నారు. ఇంకో డాక్టరు గారు అక్కడే ఉన్నారు, ఆయన మాత్రం తన రోగులకు ఇస్తున్నానన్నారు. ఇద్దరూ మా ముందే కాసేపు వాదించుకున్నారు.

చివరికి తమ్ముడే చెప్పాడు. ఛాతీ ఒక్కసారి కోయించుకుంటాను, రెండోసారి నావల్ల కాదు, మెటల్ వేయండి అని. సంచి భాగాన్ని కూడా కుట్టేస్తామన్నారు. ఆవూ పందీ లేవు కాబట్టి అమ్మ అన్నం తింది. ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య పథకం మాకు వర్తించదు కదా, ఒడిశా కార్డు మీద అక్కడ ఎంతవరకు వస్తుందో ఇంకా తేలలేదు.

జయపురం వ్యాపారి

మీ ఇష్టం అన్నా. మరదలు గారు లేకపోతే నా ఓటు ఇప్పటికీ టిష్యూకే. ఆమె పుట్టింటికి వెళ్లిన నెల ఎవరు గీతలు పెడతారో అదీ ఆలోచించుకోండి.

కొరాపుట్టు టీచరమ్మ

అది ఎగతాళి మాట కాదు, నిజంగా ఆలోచించాల్సిందే. నేను మందు రోజూ సాయంత్రం ఒకే వేళకు వేసుకుంటాను. ఫోన్‌లో అలారం ఉంటుంది. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు, రాసి పెట్టుకుని పరీక్షప్పుడు చెప్పాలి. ఇప్పుడు వార్ఫరిన్ ఇస్తున్నారు కదా, షాపులో స్టాకు లేదని ఎసిట్రోమ్ ఇస్తే అదే అంకె డోసు వేసుకోవద్దు. రెండూ ఒకే పని చేసినా మోతాదులు ఒకటి కావు. పన్ను పీకించుకోవాలన్నా ముందు డాక్టరుకు చెప్పి యాంటీబయాటిక్ వేసుకోవాలి, వాల్వుకు ఇన్ఫెక్షన్ పట్టకుండా. ఇది టిష్యూ వాళ్లకూ ఉంటుంది.

ల్యాబ్ తమ్ముడు, రాయగడ

మొదటి నెల డోసు కుదిరేదాకా వారానికి ఒకటి రెండుసార్లు పరీక్ష పడుతుంది. ఆ నెల విశాఖలోనో, ఇక్కడ రాయగడలో బంధువుల దగ్గరో ఉంటే నయం. అంకె నిలబడ్డాక గుణుపురం నుంచి పంపొచ్చు.

గుణుపురం అన్న

రాయగడలో మా అత్తయ్య ఉంది, అక్కడే ఉంచుతాం. ఇంకో సందేహం. కీళ్ల జ్వరం మళ్లీ రాకుండా ఇప్పుడు 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటున్నాడు. వాల్వు మార్చాక అది ఆపేయొచ్చా? ఈ మందు వాడుతూ పిరుదుకు ఇంజెక్షన్ వేస్తే లోపల రక్తం గడ్డకట్టి వాస్తుందని ఒకరు భయపెట్టారు.

కొరాపుట్టు టీచరమ్మ

నేను ఇంజెక్షనే కొనసాగించాను. వేశాక పది నిమిషాలు నొక్కి పట్టుకునేవాళ్లం. రెండుసార్లు వాచింది, తగ్గిపోయింది. నలభై దాటాక ఆపేశారు.

పంపు మాస్టారు, పర్లాకిమిడి

వాల్వు మార్చినంత మాత్రాన పెన్సిలిన్ ఆపరు. మిగతా వాల్వులను కూడా ఆ జ్వరం దెబ్బతీయగలదు. ఎన్నేళ్ల దాకా అన్నది ఒక్కో డాక్టరు ఒక్కోలా చెబుతారు. మెటల్ వాల్వు వాళ్లకు ఇంజెక్షన్ బదులు రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ మాత్ర ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మాత్ర మర్చిపోతే రక్షణ పోతుందని ఇంజెక్షన్నే పట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఐ.ఎన్.ఆర్. 3.5 దాటిన రోజు మాత్రం సూది వేయించుకునే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. డిశ్చార్జి కాగితంలో ఇది రాయించుకోండి, ఎక్కువమంది అడగడం మర్చిపోతారు.

గుణుపురం అన్న

సరే మాస్టారూ, మరదలితో చెప్పి ప్రశ్నల కాగితంలో రాయించాను. అడ్మిషన్ సోమవారం.